మిరపచేలో గుచ్చిన సెన్సర్

"...ఆ రెండు పుల్లలు మట్టిలో గుచ్చితే ఆయన నమ్మేస్తాడంటయ్యా? స్టార్టర్లు చేసేవాడికి ఆ మాత్రం తెలవదా?" గురవమ్మ అడుగుతోంది.

"నువ్వు నోర్ముయ్యవే. పిల్ల చేలో ఉందని రాసింది. రాసినాక చేలో ఉండాలిగా!" పిచ్చియ్య కసిరాడు.

గట్టు మీద యమున అమ్మానాన్నల మాటలు విని ఆగిపోయింది. కాలేజీలో తను చేసిన సెన్సర్‌ని నాన్న పొద్దున్నే ఇంట్లోంచి తెచ్చి మిరపసాళ్ళ మధ్య గుచ్చాడు. దాని వైరు ఎక్కడికీ పోదు. కొసని మట్టి కప్పి దాచాడు.

యమున బీటెక్ రెండో ఏడు. నరసరావుపేటలో మోటారు స్టార్టర్లు తయారుచేసే మల్లికార్జునరావుకి వేసవి ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ పెట్టింది. చెప్పుకోడానికి క్లాసు ప్రాజెక్టు ఒక్కటే ఉంది. మట్టి ఎండితే చిన్న పంపు తిరుగుతుంది, తడిస్తే ఆగుతుంది. ల్యాబులో బంతిమొక్క కుండీలో బాగానే పనిచేసింది. కుండీ అని రాయడానికి చిన్నతనమనిపించి, 'మా మిరపచేలో పెట్టి పరీక్షించాను' అని రాసింది. 'ఆదివారం కోటప్పకొండ వైపు పనుంది. మీ చేను చూసి మాట్లాడదాం' అని ఆయన జవాబిచ్చాడు.

నాన్న దగ్గర నిజం ఒప్పుకుంది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మల్లికార్జునరావు బండి దిగి వచ్చి సెన్సర్ దగ్గర వంగాడు. "ఇది ఐదు వోల్టులది కదమ్మా. త్రీఫేజ్ మోటారుని ఇదెట్లా వేస్తది? స్టార్టర్‌కి ఎట్లా కలిపావు?"

యమున చూపు మట్టిలో దాచిన వైరు కొస వైపు పోయింది.

"కలిపింది సార్!" పిచ్చియ్య ముందుకొచ్చాడు. "చానా బాగా చేసింది. నేను ఇంటికాడ పడుకుంటే చేను అదే తడుపుకునేది."

ఆయన వెళ్ళి స్టార్టర్ పెట్టె తెరిచాడు. బల్లి ఒకటి ఎగిరి దూకింది. లోపల దుమ్ము పట్టిన పాత వైర్లే ఉన్నాయి.

"మొన్న కోతులు పీకేసినయ్ సార్."

"పీకి, మళ్ళీ తలుపేసి పోయినయ్యా పిచ్చియ్యగారూ?"

పిచ్చియ్య నవ్వాడు. మిర్చి యార్డులో వ్యాపారి ధర తగ్గిస్తే బస్తా తిరిగి బండికెత్తించే మనిషి, ఎవరి ముందూ అలా నవ్వగా యమున చూడలేదు. గురవమ్మ ముఖం అటు తిప్పుకుని, కోయడానికేమీ లేని చెట్టులో కాయలు వెతుకుతోంది.

"ఊరుకో నాన్నా," అంది యమున. ఆమె చెవులు మండుతున్నాయి. "ఇది చేలో ఎప్పుడూ పనిచేయలేదు సార్. కుండీలోనే చేసింది. స్టార్టర్‌కి కలపడం నాకు రాదు. నేను రాసినదాన్ని నిలబెట్టాలని మా నాన్న చెప్తున్నాడు."

మల్లికార్జునరావు పెట్టె తలుపు మూశాడు. "కుండీ అని రాసుంటే నేనింత దూరం వచ్చేవాణ్ణి కాదమ్మా."

"చిన్నపిల్ల సార్..." అంటున్నాడు పిచ్చియ్య.

యమున సెన్సర్ పీకి, మట్టి చున్నీతో తుడిచింది.

"ఆ మెయిల్ తీసేయండి సార్. కుండీ అనే రాసి ఇంకోటి పంపుతాను."