యూనిఫాం లోపల, ఆయనగారు బయట

ఆ నర్సమ్మ మొగుడికి తెలియని విషయం లేదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే చేతకాదు. అద్దె ఇంట్లో దిగిన మర్నాడే ఆమెకు కొత్త ఆసుపత్రిలో తొలి డ్యూటీ. ఇచ్చింది ఒకటే యూనిఫాం. అది వేసుకోకపోతే వార్డులో అడుగు పెట్టనివ్వనని హెడ్ నర్సు ముందే చెప్పేసింది. ఆ యూనిఫాం మీదే ఆయనగారు పొద్దున్నే కాఫీ ఒలకబోశారు.

ఇంటివాళ్ల వాషింగ్ మెషీన్ మీద రాతలన్నీ ఇద్దరికీ రాని భాషలో ఉన్నాయి.

"నువ్వు జరుగు. ఫోన్ కెమెరా పెడితే తెలుగులో చెప్పేస్తుంది," అన్నాడాయన.

చెప్పింది, పాపం. చెయ్యి వణికినప్పుడల్లా మాట మార్చింది. ‘నూలు’ రెప్పపాటులో ‘దుప్పటి’ అయింది, ఆ వెంటనే ‘రాత్రి’ అయింది. ఆయన యూనిఫాం లోపల పడేసి, ఏదో ఒకటి ఖాయం చేసుకుని మీట నొక్కాడు. తలుపు బిగుసుకుంది, నీళ్లు పడ్డాయి, ఇంకా రెండున్నర గంటలని అంకెలు వెలిగాయి. ఆమె అంతకన్నా చాలా ముందే బయల్దేరాలి.

"ఆపండి."

"కంగారెందుకు? ఆపే మీట ఏదో చదవనీ."

ఈసారి ఫోన్ వణక్కుండా వేళ్లను ప్యానెల్ మీద ఆనించి మరీ చదివాడు. మెషీన్ కీచుమంది. అప్పట్నుంచి ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"‘పిల్లల తాళం’ అంటోంది. మనకి పిల్లలెక్కడ? అది మనకి సంబంధం లేదులే," అని ఆ మాట వదిలేసి కిందకి చదవసాగాడు.

ఆమెకు ఏడుపొచ్చింది, అంతకు మించి ఒళ్లు మండింది. ఫోన్ లాక్కుంది. అద్దంలా మెరుస్తున్న ప్యానెల్ పైన లైటు ఆర్పి, ఒకడుగు వెనక్కి వేసి, కదలకుండా ఫొటో తీసింది. ఫొటోలో మాటలు కుదురుగా నిలబడ్డాయి. రెండు మీటల మధ్య చిన్న తాళం బొమ్మ, పక్కన మూడు సెకన్లని ఉంది. సరిగ్గా ఆయన వేళ్లు ఆనించిన చోటే.

"పిల్లలు మీటలు నొక్కకుండా వేసే తాళమండీ అది. మీరే వేశారు. మీలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టున్నారు."

రెండు మీటలూ కలిపి నొక్కి పట్టుకుంది. తాళం వదిలింది. మెషీన్ ఆపి, ‘పిండటం’ దగ్గరికి తిప్పి మళ్లీ నడిపింది. నీళ్లు పోయాయి, యూనిఫాం గిర్రున తిరిగింది, కాసేపటికి తలుపు వదులైంది. మరక పోలేదు గానీ వెలిసింది. ఇస్త్రీ చేసినా భుజాల దగ్గర తడి ఆరలేదు. అలాగే తొడుక్కుని బస్సెక్కింది.

హెడ్ నర్సు ఆమె భుజం తడిమి, కిటికీలోంచి ఎండ వైపు చూసింది.

"ఏంటిది, దారిలో వానా?"

"కాదు మేడమ్, మా ఆయన."

హెడ్ నర్సు వార్డు తలుపు తెరిచి పట్టుకుంది. ఆవిడకీ పెళ్లయినట్టుంది.