మామ పేరుకు పెట్టిన కోతలు

మా అమ్మకు ఒకే ఒక్క తమ్ముడు. ఆయన కోపం మాత్రం నలుగురు తమ్ముళ్ళ పెట్టు. కర్నూలు నుంచి పడమరగా పోతే వచ్చే మా ఊరి టమాటా మార్కెట్లో ఆయనకు రైతుల సరుకు అమ్మిపెట్టే మండీ ఒకటి ఉంది. ఆ మార్కెట్ గేటుకు ఎదురుగా నాకొక చిన్న అంగడి ఉంది. అందులో స్టిక్కర్లు కోసే ప్లాటరు ఒకటి, చెక్క, ప్లాస్టిక్ షీట్లు కోసే రూటరు ఒకటి. ఊర్లో అక్షరాలు కోసేవాణ్ణి నేనొక్కడినే కాబట్టి నాతో ఎవరికెంత పడకపోయినా నా దగ్గరికి రాక తప్పదు. మామకు కూడా.

ఆ ఏడు ఆయన భాగస్వామితో విడిపోయినాడు. పదేళ్ళు ఒకే కంచంలో తిన్నంతగా ఉన్న ఇద్దరూ గోడ పెట్టుకుని పక్కపక్కనే రెండు మండీలు పెట్టినారు. పేరు పలకడం కూడా మామకు ఇష్టం లేక ఆ మనిషిని "గోడవతలోడు" అనేవాడు. గోడ మాత్రం మామ ఖర్చుతోనే కట్టినారు, ఆ సంగతి ఎవరూ ఎత్తగూడదు.

ఇద్దరికీ ఉన్నది నీలం ప్లాస్టిక్ క్రేట్లే. ఒకే కంపెనీవి, ఒకే సైజు. మా దిక్కు మండీ వ్యాపారమంతా ఈ క్రేట్ల మీదే నడుస్తుంది. కోతకు ముందు ఖాళీ క్రేట్లు రైతుకు ఎవరిస్తే, ఆ రైతు సరుకు నింపుకొని వాళ్ళ మండీకే వస్తాడు. క్రేటు పోయిందంటే క్రేటు ఒక్కటే పోదు, దాంతోపాటు ఆ రైతు కూడా పోతాడు. మొదటి కోత వారంలో ఉంది. అంతలోపల క్రేట్ల మీద పేరు పడి అవి చేన్లకు చేరకపోతే ఆ సీజన్‌కు మామ మండీలో ఈగలు తోలుకోవాల్సిందే.

"నా పేరు కొయ్యరా. స్టిక్కర్లు అంటించేస్తాం," అన్నాడు మామ.

క్రేటుకు మధ్యలో అరచేయంత పట్టీ ఒక్కటే నున్నగా ఉంటుంది, మిగతాదంతా జల్లెడ. నీళ్ళతో కడిగి, ఎండలో పేర్చి, లారీల్లో విసిరే వస్తువు మీద స్టిక్కరు రెండో ట్రిప్పుకు ఉండదని చెప్పినా. షీటులో అక్షరాలు తొలిచి, దాన్ని క్రేటు మీద పెట్టి పెయింటు కొడితే నిలబడుతుందన్నా.

"సరే, అట్లనే చెయ్యి. అక్షరాలు మాత్రం ఇట్లుండాల," అని జేబులోంచి ఒక పెళ్ళిపత్రిక తీసినాడు. దాని మీద వధూవరుల పేర్లు తీగలు పాకినట్టు, వెంట్రుక సన్నంగా, ఒంపులు తిరిగి ఉన్నాయి.

"మామా, నా రూటరు సూదే మూడు మిల్లీమీటర్ల లావు. దానికన్నా సన్నం సందు అది తొలవలేదు. ఈ వెంట్రుకలన్నీ పోతాయి. లావు అక్షరం కావాల, ఎద్దు మాదిరి ఉండేది."

"నా పేరు ఎద్దు మాదిరి ఉండాల్నా?"

"ఇంకొకటుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు. ర తీసుకో, వ తీసుకో, మ తీసుకో. గీత వెంబడి తొలిచినామంటే లోపలి బిళ్ళ కింద పడిపోతుంది. పెయింటు కొడితే అక్షరం రాదు, మచ్చ వస్తుంది. లోపలి బిళ్ళను పట్టుకొని ఉండేదానికి గీతకు అడ్డంగా అక్కడక్కడ కొంచెం షీటు తొలవకుండా వదలాల. బ్రిడ్జి అంటారు. ఇంగ్లీషుకైతే అవి పెట్టిన ఫాంట్లు రెడీగా దొరుకుతాయి, మిలిటరీ పెట్టెల మీద చూసింటావే, అట్లాంటివి. తెలుగులో నా దగ్గర లేదు. లావు ఫాంటు తీసుకొని నేనే పెడతా."

స్క్రీను మీద చూపించినా. మామ తన పేరును చూసినాడు. ఐదక్షరాలు, ప్రతిదానికీ రెండేసి చోట్ల తెంపు.

"ఇది నా పేరా, పాలుపంపకాల పత్రమా? సీజను మొదట్లో నా పేరును ముక్కలు ముక్కలు చేసి రైతులకు పంచుతావా? ఒక్క కోత కూడా ఉండగూడదు. నేను చెప్పినట్లు కొయ్యి."

"మచ్చ వస్తుంది మామా."

"వస్తే రానీ. నా మచ్చ నా ఇష్టం."

పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పొద్దని అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్తూ వచ్చింది. చెప్పినట్లే కోసి ఇచ్చినా. లోపలి బిళ్ళలు ఐదూ టపటపా నేల మీద పడినాయి. అవి కూడా ఏరి ఆయన చేతిలో పెట్టినా, "ఇవి కూడా నీవే" అని. నా మొహాన విసిరినాడు.

మామ హమాలీలు పసుపు పెయింటు కొట్టినారు. సాయంత్రానికి మండీ ముందర నీలం క్రేట్ల గుట్ట, ప్రతి క్రేటు మీదా వరసగా ఐదు పసుప్పచ్చ ముద్దలు. మార్కెట్లో వాళ్ళు పనిగట్టుకొని వచ్చి చూసి పోయినారు. ఒకాయన "ఏమప్పా, పండకముందే టమాటా బొమ్మలేసినావే," అన్నాడు. మామ ఆ మాట అన్నోణ్ణి వదిలేసి నన్ను తిట్టినాడు.

మరుసటి రోజు గోడవతలాయన నా అంగడికి వచ్చినాడు.

"ఏమప్పా, మీ మామ మొహాన ఆ ముద్దలు నువ్వే కొట్టినావంటనే."

"ఆయన ఆర్డరన్నా."

"నాకు ఇంగ్లీషులో రెండే అక్షరాలు చాలు. లావుగా, పట్టీ నిండా ఉండాల. దూరం నుంచి లారీ డ్రైవరుకు కనపడాల."

రెడీగా ఉన్న స్టెన్సిల్ ఫాంటు చూపించినా. అడుగున దిమ్మెల మాదిరి పాదాలున్న లావుపాటి అక్షరాలు, నిలువుగా సన్న కోతలు. ఒక్క ప్రశ్న లేదు, కొయ్యమన్నాడు. ఆయనది తెల్ల పెయింటు. క్రేట్లు చూస్తే పోలీసు బండి నంబరు ప్లేట్ల మాదిరి నీట్‌గా వచ్చినాయి.

అది చూసి మామ నా అంగడి ముందరికొచ్చి నిలబడినాడు. "నా శత్రువుకు అక్షరాలు, నాకు ముద్దలు! ఎంతకు అమ్ముడుపోయినావురా? నీ అంగడి కాల్చి పారేస్తా. అగ్గిపెట్టె ఇయ్యి!"

నా దగ్గర అగ్గిపెట్టె లేదు. ఆయన దగ్గరా లేదు. కార్యక్రమం అక్కడికి ఆగిపోయింది.

రెండు రోజులకు మామ క్రేట్ల గుట్ట సగమైంది. ఆ పోయిన సగం ఇస్తానని ముందే ముగ్గురు రైతులకు మాటిచ్చినాడు. గోడవతల గుట్ట మాత్రం పెరిగింది, ఆయన కొత్త క్రేట్లు తెప్పించినట్టు ఎవరూ చూడలేదు. మామ చేతికి దొరికిన తూకం కడ్డీ ఎత్తుకొని ఉరికినాడు. మా అత్త వెనకే ఉరుకుతా నాకు కూడా కేకేసింది. కడ్డీని ఆపేదానికి కాదు, "ఆ ముద్దలు కోసినోడివి నువ్వు, నువ్వే వచ్చి చెప్పు" అని.

గోడవతల అరుపులు మొదలైనాయి. మార్కెట్లో పెద్దమనిషిగా చెల్లుబాటయ్యే ఉల్లిగడ్డల వ్యాపారి ఒకాయన మధ్యలోకొచ్చి కూర్చున్నాడు. గోడవతలాయన గుట్ట వైపు చెయ్యి చూపించి, "అన్నిటి మీదా నా పేరే ఉండాది. ఈయనది యాడుందో చూపించమనండి," అన్నాడు.

నిజమే, అన్నిటి మీదా తెల్లగా, లావుగా ఆయన అక్షరాలే. నేను దగ్గరికి పోయి చూసినా. పైనున్న క్రేట్ల మీద కోతల్లోంచి నీలం ప్లాస్టిక్ కనిపిస్తోంది, అట్లనే కనపడాల. కింద వరసల్లో వాటి కోతలు పసుప్పచ్చగా ఉన్నాయి.

స్టెన్సిల్‌లో బ్రిడ్జి ఉన్నచోట పెయింటు పడదు. అక్కడ ముందు ఏముంటే అదే కనపడుతుంది. మామ ముద్దల మీద ఆయన మనుషులు తెల్లక్షరాలు కొట్టి, పక్కలకు కనపడే పసుపంతా పెయింటు కరిగించే తిన్నరులో ముంచిన గుడ్డతో తుడిచేసినారు. అక్షరాల నడుమ సన్న కోతల్లోకి గుడ్డ పెడితే తెలుపు కూడా చెరిగిపోతుంది. కాబట్టి అక్కడ మాత్రం వదిలేసినారు.

అదే చెప్పినా. పెద్దమనిషి వంగి చూసినాడు. గోడవతలాయన తొణకలేదు.

"పసుపు పెయింటు ఊర్లో ఈయనొక్కడే కొన్నాడా? అది పేరా? ఎవరన్నా చదవండి చూస్తాం!"

పెద్దమనిషి చుట్టూ చూసినాడు. హమాలీలు తలకాయలు వంచి చూసినారు. ఎవరికీ చదవను రాలేదు. మామ తన గుట్టలోంచి తుడవని క్రేటు ఒకటి తెచ్చి, ముద్దల మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం గట్టిగా పలికినాడు. మార్కెట్ అంతా నవ్వింది. ఆయన మొహం మాత్రం నవ్వులోకి రాలేదు. ఆ ముగ్గురు రైతుల్లో ఒకడు జనంలోనే నిలబడి ఉన్నాడు.

నేను మామ మండీలోకి పోయి ఆయనకు కోసిచ్చిన షీటు తెచ్చినా, ఇంకా పసుపు అంటుకొనే ఉంది. కింద వరస క్రేటు మీద పెట్టినా. కోతల్లోని పసుపు గీతలన్నీ షీటు బొక్కల్లోనే పడినాయి, ఒక్కటి కూడా బయట పడలేదు. ఇంకో క్రేటు, ఇంకోటి. అన్నీ అంతే.

"ఈయన క్రేట్లు ఈయనకు ఇచ్చెయ్యండి," అని పెద్దమనిషి లేచినాడు.

గోడవతలాయన నన్ను చూసినాడు. "ఇద్దరికీ కోసింది నువ్వే. నన్ను పట్టుకునేదానికే ఆ కోతలు పెట్టినావు. ఇంకోసారి నా గోడ దాటినావంటే చూడు." పోతా పోతా గుట్టను కాలితో తన్నినాడు. ఖాళీ క్రేట్లు కాబట్టి శబ్దం మాత్రం బాగా వచ్చింది. గుట్ట తిరిగి పేర్చేది ఆయన హమాలీలే. వాళ్ళు నన్ను చూసిన చూపు ఆయన చూపుకన్నా ఘోరంగా ఉంది.

మామ థాంక్స్ చెప్తాడేమోనని నేనేం ఎదురుచూడలేదు. చెప్పలేదు కూడా. "నువ్వు మొదలే సరిగ్గా కోసింటే ఈ రచ్చ యాడుండేది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల అత్త నా చెయ్యి గిల్లింది.

క్రేట్లైతే వచ్చినాయి, వాటి మీద ఒక మనిషి ముద్దలు, ఇంకో మనిషి అక్షరాలు. అట్లనే చేనుకు పంపితే ఎవరి మండీకి తోలాల్నో రైతుకే తెలియదు. మామ నా అంగడికొచ్చి స్క్రీను ముందర కుర్చీ లాక్కున్నాడు. లావు ఫాంటు తెరిచినా.

"మొదటి అక్షరానికి కోత వద్దు. అది దేవుని పేరులోది."

"దేవునిదైనా గుండ్రమే మామా. కోత లేకపోతే బిళ్ళ పడుతుంది."

"మిగతా నాలుగిటికి పెట్టుకో."

"అయితే నాలుగక్షరాలు, ఒక ముద్ద."

ఆయన పళ్ళు నూరినాడు. అంతలో బయట హారన్ మోగింది. ఆ ముగ్గురిలో ఒక రైతు ట్రాక్టరు వేసుకొని వచ్చినాడు, ఇంజను కూడా ఆపలేదు. "ఇస్తావా లేదా చెప్పప్పా. లేకుంటే గోడవతలాయన క్రేట్లు రెడీగా ఉండాయంట."

మామ స్క్రీను వైపు తిరగకుండానే అన్నాడు, "కొయ్యి."

రూటరు తిరిగింది. ఈసారి బిళ్ళలు ఏవీ పడలేదు. హమాలీలు తిన్నరుతో తుడుస్తా పోతే, వెనకనే నేనే పెయింటు కొట్టినా. మామ పక్కన నిలబడి, ఇది వంకర, అది లావు, ఇది గాడిద మాదిరి ఉందని ప్రతి అక్షరానికీ ఒక జంతువు పేరు పెట్టినాడు. రైతు ఒక క్రేటు ఎత్తి, తడి పెయింటు చేతికి అంటకుండా పట్టుకొని, మామ పేరు మెల్లగా, తప్పు లేకుండా చదివినాడు. తర్వాత కోతలు చూపించి అడిగినాడు.

"ఈ సందులేంది?"

"అవా?" అన్నాడు మామ. "అవి మా అల్లుని పొగరు. ఎక్కించుకో, పో."