నీళ్ల కింద ఏముంది?

కొరాపుట్ కొండల్లో, జలాశయం కట్టినప్పుడు ఊళ్లు వదిలి రావలసి వచ్చిన వాళ్ల కాలనీలో మా బడి. తులసా పంగి అక్కడ సాంఘికశాస్త్రం చెప్పేది, నేను లెక్కలు. ఆమె ఆ కాలనీలోనే పుట్టి, ఆ బడిలోనే చదువుకుంది.

ఆరోజు ఏడో తరగతికి ఆనకట్ట పాఠం. ఎత్తెంత, కరెంటెంత, ఎన్ని ఎకరాలకు నీరు, అన్నీ చెప్పింది. సుక్రి అనే పిల్ల లేచింది.

"గురుమా, ఆ నీళ్ల కింద ఏముంది?"

"బురద!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. తులసా నవ్వలేదు. ఆ నీళ్ల కింద ఆమె తల్లి పుట్టిన ఊరుంది. ఈ బడిలో చదివినన్నేళ్లూ ఆ ఊరి పేరు ఒక్క మేష్టారి నోటా ఆమె వినలేదు.

సాయంత్రం హెడ్మాస్టరు పాఢీ గారి దగ్గరకు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది.

"మునిగిన ఊళ్ల గురించి చెబుతాను సార్."

"పుస్తకంలో లేదు కదమ్మా. లేనిది పాఠమెలా అవుతుంది?"

"పుస్తకంలో ఉన్నది చెబుతున్నాం, అదొకటి. పుస్తకంలో లేకపోయినా మన తీరు చూసి పిల్లలు నేర్చుకునేది ఇంకొకటి. వరండా ఊడ్చేది ఎప్పుడూ కాలనీ పిల్లలే, జెండా ఎగరేసేది బజారులో షాపులున్న వాళ్ల పిల్లలే. ఎవరి స్థానం ఏమిటో వాళ్లకి ఎవరు చెప్పారు సార్?"

పాఢీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మూడోది, మనం అసలు ముట్టుకోనిది. అన్నీ చెప్పలేం, ఏదో ఒకటి వదలాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఊళ్లు పోయిన పిల్లలకి ఊళ్ల సంగతే వదిలేస్తే, అది తెలుసుకోదగ్గది కాదనే కదా వాళ్లు అనుకునేది?"

"ఇన్‌స్పెక్టరు అడిగితే? నాకు రిటైర్మెంటు దగ్గర పడింది తల్లీ."

"నా పేరు చెప్పండి."

ఆయన టైంటేబుల్ తీసి చూశారు. చివరికి, "శనివారం ఆఖరి పీరియడు తీసుకో. పరీక్షల చదువు మాత్రం పాడవకూడదు" అన్నారు.

శనివారం తులసా తల్లి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేలమీదే చతికిలబడింది. సుద్దముక్కతో వాగు గీసి, వాగు పక్కన ఇళ్లు, రాగి చేలు, సంత దారి గీసింది. ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే, "బురద" అని అరిచిన కుర్రాడు, "మా తాతది ఆ ఊరే!" అని ముందుకొచ్చి కూర్చున్నాడు.

సోమవారం సుక్రి చెప్పింది. "మా నాన్నని అడిగాను గురుమా. మొదట కసిరాడు. తర్వాత అన్నం తినకుండా చాలాసేపు చెప్పాడు."

పుస్తకం మారలేదు. పరీక్షలో ఆనకట్ట ఎత్తే అడిగారు, మా పిల్లలు సరిగ్గానే రాశారు. వరండా ఊడ్చే వంతు మాత్రం బజారు పిల్లలతో సహా అందరికీ వచ్చింది. బజారు పిల్లల తండ్రులు ఇద్దరు గొడవకొస్తే పాఢీ గారే సర్దిచెప్పి పంపారు. శనివారం పాఠం ఆయన రిటైరయ్యాక కూడా సాగింది.