ఒక్క పేజీలో మూడేళ్ల టమాట

నా మనవరాలు మూడేళ్లు ఆలూరు టమాట పొలాల్లో పరిశోధన చేసింది. మొక్కల మొదళ్ల దగ్గర వరిగడ్డి పరిస్తే బోరు నీళ్లు ఎంత మిగులుతాయో చూడడం దాని పని. ఆ పని ముందుకు సాగాలంటే ఫెలోషిప్ రావాలి. దరఖాస్తులో పరిశోధన సారాంశం ఒక్క పేజీ దాటకూడదట. మొయినాబాద్‌లో మా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ముందు దిగులుగా కూర్చుంది.

సైన్సు తెలియనివాళ్లకు చదివి వినిపించమని వాళ్ల గైడు మేడం చెప్పిందట. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తెలుగులో చెబుతుంటే విన్నాను. ఏ పొలం, ఏ యంత్రం, ఎప్పుడు వాన... రెండో ఏడాది దగ్గరే పేజీ అయిపోయింది.

"అక్షరాలు చిన్నగ చెయ్యి. అంచుల పొంటి గంత కాయిదం ఉత్తగ ఇడిచిపెడ్తరా?"

"అవ్వా, సైజు, అంచులు వాళ్లే చెప్పిన్రు. మారిస్తె సూడకుండనే పక్కకు పడేస్తరు."

"సరే, మూడేండ్లు తిరిగి ఏం తెలుసుకున్నవో చెప్పు."

"నల్లరేగడిల మడి ఎత్తుగ చేసి గడ్డి పరిస్తెనే నీళ్లు మిగిలినయి. సాపు మడిల పరిస్తె వానకు వేర్లు కుళ్లినయి."

"గది మొదలు చెప్పక, వాన కత చెప్తున్నవేందే?"

నవ్వి, ఆ మాటనే పైకి తెచ్చింది. అదెట్ల తేలిందో, ఎర్రనేలలో ఇంకా ఏం చూడాలో కింద రాసింది. అయినా నాలుగు వరుసలు ఎక్కువయ్యాయి.

ఆ నాలుగు వరుసలూ పరిశోధనకు పొలం ఇచ్చిన ఆలూరు రైతు గురించినవి; పిల్ల ఆయన్ని కాకా అని పిలుస్తుంది. మొదటి ఏడాది ఆయన చదునైన సాపు మడుల్లో గడ్డి పరిచి చూస్తే చెట్లన్నీ కుళ్లిపోయాయి. అయినా మరుసటి ఏడాది అదే పొలం మళ్లీ ఇచ్చాడు. మేడం ఫోన్లో, "అది థీసిస్‌లో రాయి, ఇక్కడ కుదరదు" అంది. పిల్ల నా వైపు చూసింది. నేనూ తీసెయ్యమన్నాను. "మొదటి ఏడాది సాపు మడుల ప్రయోగం విఫలమైంది" అని మిగిలింది. పేజీ సరిపోయింది. పంపేసింది.

మరునాడు చేవెళ్ల మార్కెట్‌లో పని చూసుకుని కాక మా ఇంటిదాకా వచ్చాడు.

"ఏం రాసినవ్ బిడ్డా, జర సదువు. నా పొలం ముచ్చట ఇందామని వచ్చిన."

చదివింది. 'విఫలమైంది' దగ్గర దాని గొంతు తగ్గింది. ఆయన ఇంకా ఏదో ఉంటుందన్నట్టు కూర్చున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది కాకా."

"మంచిగున్నది. ఆఫీసోళ్ల రాత గట్లనే ఉంటది. నా చెట్లు సచ్చినయి, మల్ల పొలమిచ్చిన అని రాస్తె నీకు ఫెలోషిప్ ఎవడిస్తడు?" అని నవ్వాడు.

పిల్ల ల్యాప్‌టాప్ మూసేసింది. నేను చాయ్ పెట్టాను; ఎవరొచ్చినా పాలు పొదుపు చేసేదాన్ని, ఈసారి తక్కువ చెయ్యలేదు.

ఫెలోషిప్ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఆలూరు వెళ్లిన పిల్ల ఆయన పొలం గట్టు మీద నిలబడి, తీసేసిన ఆ నాలుగు వరుసలే ముందు చదివి వినిపించిందట.