సైరన్‌కి పలికిన కుక్క

మా బావ కుక్కలు పట్టే మనిషి. పంతొమ్మిదేళ్లుగా వల భుజాన వేసుకుని మునిసిపాలిటీ బండిలో తిరుగుతున్నాడు. వీధుల్లో అందరూ వల మామ అంటారు. ఆ బండి తోలేది నేను. పట్టిన కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గాయం మానాక ఏ వీధిలో పట్టామో ఆ వీధిలోనే వదలాలి. వేరే వీధిలో వదిలితే అక్కడి కుక్కలు చీల్చేస్తాయి. అందుకే బావ ప్రతి బోను తలుపు మీదా సుద్దముక్కతో వీధి పేరు రాసి, సాయంత్రం పుస్తకంలోకి ఎక్కించేవాడు.

పొట్ట కింద తడిమి, పాలున్నాయేమో చూడనిదే ఏ ఆడకుక్కనూ బండెక్కించేవాడు కాదు. ఆ రోజు చూడలేదు. చూడనివ్వనిది నేను.

"కానీ బావా, కానీ! పెళ్లిచూపులా ఏంటి, అంత పరీక్షగా చూడ్డానికి?" అని హారన్ మీద హారన్ కొట్టాను. ఆయన నవ్వేసి ఆ గోధుమరంగు కుక్కను వలతో సహా బోనులోకి తోసేశాడు.

మా షెడ్డు నూలు మిల్లు గోడకు ఆనుకుని ఉంటుంది. నాలుగింటికి మిల్లు సైరన్ మోగగానే బోనుల్లోని పదకొండు కుక్కలూ మెడలెత్తి ఊళ అందుకున్నాయి. సైరన్ ఆగాక పది ఊరుకున్నాయి. గోధుమరంగుది ఊరుకోలేదు.

"నోర్ముయ్యవే! తల పగిలిపోతోంది," అంటూ బావ కర్రతో బోను మీద బాదాడు. ఆ చిరాకులోనే గొట్టం పెట్టి బోనులన్నీ కడిగేశాడు, పుస్తకం సంగతి మరిచి. సుద్దరాతలు నీళ్లతో పోయాయి. కుక్క మూలకు నక్కి నోరు మూసింది. హమ్మయ్య అనుకున్నాను, దాచడమెందుకు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ దాని పొట్ట తడిమి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది పాలిస్తోందయ్యా! నెల పిల్లలుంటాయి. ఎక్కడ పట్టారు?"

బావ బోను తలుపు వంక చూశాడు. ఖాళీ. మేం తిరిగింది మూడు వీధులు, పట్టినవాటిలో గోధుమరంగువే ఐదు. ఇది ఏ వీధిలో దొరికిందో ఇద్దరికీ గుర్తు రాలేదు.

"నిన్న తెగ అరిచింది మేడం. సైరన్‌కి చెవులు నొప్పెడుతున్నాయనుకున్నా," అన్నాడు, గొంతు పెగలక.

"నొప్పయితే పారిపోతుంది, దాక్కుంటుంది. మెడ సాచి ఊళ పెట్టదు. సైరన్ సాగుతూ పైకి లేచి దిగుతుంది కదా, దూరాన ఇంకో కుక్క ఊళలా ఉంటుంది వాటికి. 'నేనిక్కడున్నా, మీరెక్కడ' అని బదులిస్తాయి. ఒకటి మొదలెడితే చుట్టుపక్కలవీ అందుకుంటాయి. ఇదీ అదే అడిగుంటుంది."

బావ కర్ర వైపు చూసి తల దించుకున్నాడు. "నేను బాదాను మేడం," అన్నాడు.

కుక్కను బండెక్కించి బయల్దేరాం. మొదటి వీధిలో కాలువలన్నీ వెతికాం, ఏమీ దొరకలేదు. "మళ్లీ తెచ్చారేంటి, పీడ పోయిందనుకుంటే!" అని ఓ పెద్దాయన కసిరాడు. కుక్క బోనులో కదల్లేదు. రెండో వీధి చివరికి చేరేసరికి పన్నెండయింది. మిల్లు సైరన్ వినిపించింది. వీధిలో ఒక కుక్క మొదలెట్టింది, ఇంకోటి వేరే గొంతుతో కలిసింది, క్షణంలో గుంపంతా అందుకుంది. మా బోనులోది లేచి, మెడ పైకెత్తి, గుండె తరుక్కుపోయేలా ఊళ పెట్టింది.

"ఇంజన్ ఆపరా!" అని బావ అరిచాడు.

సైరన్ ఆగినా అది ఆగలేదు. సిమెంటు గొట్టాల గుట్టలోంచి సన్నగా, ముక్కలు ముక్కలుగా జవాబొచ్చింది. ఊళ పెట్టడం ఇంకా సరిగ్గా రాని గొంతులు.

బావ బోర్లా పడుకుని గొట్టంలోకి పాకాడు. పిల్లలు నాలుగు. మూడు కదిలాయి. నాలుగోది చల్లగా ఉంది. బోను తలుపు తీయగానే తల్లి మా మధ్యనుంచి దూసుకెళ్లి వాటి పక్కన పడుకుంది. చల్లబడినదాన్ని కూడా నాకింది. చాలాసేపు నాకింది.

"నేనే చంపానురా," అన్నాడు బావ. నేను కొట్టిన హారన్ సంగతి ఎత్తనేలేదు. ఎత్తితే కాస్త తేలికపడేవాణ్ణి.

మర్నాడు పన్నెండింటికి పాలగిన్నెతో వెళ్లాం. గొట్టాల ముందు గిన్నె పెట్టి, వెనక్కి వచ్చి బండి దగ్గర నిలబడ్డాం. సైరన్ మోగింది. వీధి వీధంతా ఊళలు. గోధుమరంగుది పిల్లలకు అడ్డంగా నిలబడి మెడ సగం ఎత్తింది. మమ్మల్ని చూసింది. మెడ దించేసింది. గొంతు కదులుతోంది గాని శబ్దం రాలేదు.

"నేనున్నానని భయంరా," అన్నాడు బావ మెల్లగా. "పోనీ, బండి తియ్."

హారన్ కొట్టకుండా వెనక్కి తీశాను. మేం మలుపు తిరిగాకే దాని గొంతు లేచింది.