ఫోటో తీసేశాక రాసిన రిపోర్టు

ఆమెను కంపెనీలో అందరూ గ్రీజక్క అనేవారు. లిఫ్టుల మరమ్మతు పనిలో పన్నెండేళ్లుగా ఉంది. మొదట్లో ఆఫీసులో ఫోన్లెత్తే పనికి కుదిరింది. ఒకరోజు మెకానిక్ ఎవరూ రాకపోతే టూల్ బ్యాగు మోయడానికని సూపర్‌వైజరు వెంట వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ ఫోన్ల దగ్గర కూర్చోలేదు. గోళ్ల సందుల్లో నల్లటి జిడ్డు ఎంత తోమినా పోయేది కాదు. కూతురు స్కూలు మీటింగుకు వెళ్లినప్పుడు చేతులు పమిట కొంగులో దాచుకునేది. కూతురే ఒకసారి ఆ కొంగు లాగేసి, "దాచుకోకమ్మా, మా టీచరు ఇంట్లో లిఫ్టు కూడా నువ్వే బాగు చేశావుగా" అంది. ఆనాటినుంచి దాచడం మానేసింది.

ఆమెకు పని నేర్పింది ఆ సూపర్‌వైజరే. వరసకు ఏమీ కాకపోయినా బాబాయ్ అని పిలిచేది. లిఫ్టును మోసే ఉక్కు తీగల తాడును, అంటే రోపును, చేతిలో పెట్టి, "కళ్లకేం తెలుస్తుందమ్మాయ్, గుడ్డ పెట్టి తుడువు. తెగిన తీగ ఉంటే దారం పట్టుకుంటుంది" అని చెప్పిన మనిషి ఆయన. ఆమె భర్త పోయిన ఏడాది ఆయనా, పిన్నీ నెల రోజులపాటు క్యారేజీ పంపించారు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, మరచిపోనూ లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం గ్రీజక్క ఒక ఆరంతస్తుల భవనం పైకప్పు మీద, మెషిన్ రూములో ఉంది. నెలవారీ తనిఖీ. అయిదు రోపుల్లో మూడోదాని మీద, తీగలు మెలేసిన పురుల మధ్య, ఎర్రటి పొడి కనిపించింది. గాలికి వచ్చిన దుమ్మయితే పైన అంటుకుంటుంది. లోపలి తీగలు ఒకదాన్నొకటి రాసుకుని అరిగితే వచ్చే పొడి పురుల సందుల్లోంచి బయటికి వస్తుంది. ఏది ఏదో వెంటనే తేల్చుకోలేకపోయింది. ఇంతలో కింద నాలుగో అంతస్తులో కొత్తగా పెడుతున్న కంటి ఆస్పత్రి వాళ్లు సామాను ఎక్కిస్తున్నారు, లిఫ్టు వదలమని పదేపదే ఫోన్లు చేస్తున్నారు.

కంపెనీ ఏడాది క్రితం అందరికీ ట్యాబ్‌లు ఇచ్చింది. అందులో ఒక ఏఐ యాప్ ఉండేది. ఫోటో పంపి అడిగితే చూసి చెబుతుంది. ఒక్కో భవనానికి ఒక్కో సంభాషణ, అది ఆ బృందంలో ఎవరు తెరిచినా కనిపిస్తుంది. గ్రీజక్క టార్చి వేసి, ట్యాబ్‌తోనే ఫోటో తీసి పంపింది. జవాబు వచ్చింది: "కనిపిస్తున్న మేరకు పురులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎర్రటి రంగు పైపై తుప్పులా ఉంది."

చదివి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి పీల్చుకోవడమే తర్వాత చాలా రోజులు ఆమెను తొలిచింది. అయినా మనసు ఒప్పక, కింద ఒక మాట రాసి పెట్టింది: "ఒక వైపే తీశాను. రేపు ఆపి, చేత్తో చూడాలి."

మరునాడు పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నువ్వు మార్కెట్ దగ్గరి బిల్డింగుకి వెళ్లు. అక్కడ తలుపు పట్టేస్తోందట."

"మరి ఆ రోపు సంగతి బాబాయ్?"

"నేను చూసుకుంటాలే. నాకు రోపు తెలీదా ఏంటి?"

ఆయనకు తెలియనిది ఏముంది? నవ్వేసి మార్కెట్ దారి పట్టింది.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో సంతకాల ఫైలు తిరగేస్తుంటే ఆ భవనం రిపోర్టు కనపడింది. "మూడో రోపు పరిశీలించడమైనది. పురులు చెక్కుచెదరకుండా ఉన్నవి. పైపై తుప్పు మాత్రమే. వాడుకకు యోగ్యము." కింద పరిశీలించినవారు అన్న చోట తన పేరు టైపు చేసి ఉంది. ఆ అక్షరాలు తన పేరువే అని నమ్మడానికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

ట్యాబ్ తీసి ఆ సంభాషణ తెరిచింది. తను పంపిన ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు గడి, అందులో "చిత్రం తొలగించబడింది" అన్న మాట. దాని కింద బాబాయ్ పేరు, మంగళవారం పదకొండున్నర. ఆ కింద ఆయన అడిగినవి వరసగా ఉన్నాయి.

"అన్ని పురులూ బాగున్నాయి కదా?" అని మొదటి ప్రశ్న.

జవాబు: "ఆ ఫోటో ఇప్పుడు నా ముందు లేదు. ముందు నేను రాసిన మాటలు మాత్రమే ఉన్నాయి. అప్పుడు కనిపించిన పురుల గురించే చెప్పాను. మళ్లీ చూసి సరిపోల్చే వీలు లేదు."

"రోపు మందం తగ్గిందా?"

"అది ఫోటో ఉన్నా కొలవలేను. ముందటి మాటల్లో మందం ప్రస్తావనే లేదు. ఇప్పుడు ఏం చెప్పినా అది ఊహే అవుతుంది."

"సరే, ముందు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాసివ్వు."

అది రాసిచ్చింది. మొదటి మూడు వాక్యాలు రిపోర్టులో ఉన్నవే, "వాడుకకు యోగ్యము" అన్నది మాత్రం అందులో లేదు. నాలుగోది ఇది: "ఇది ఒకే వైపు నుంచి, టార్చి వెలుగులో తీసిన ఒక ఫోటో మీద చెప్పిన తొలి అభిప్రాయం, ఇందులో పొరపాటు ఉండవచ్చు, సరిచూడడానికి ఫోటో ఇప్పుడు లేదు కనుక, రోపును నేరుగా పరీక్షించకుండా దీని మీద నిర్ణయం తీసుకోవద్దు."

రిపోర్టులో ఆ వాక్యం లేదు. గ్రీజక్క రాసిన "రేపు ఆపి, చేత్తో చూడాలి" అన్న మాటా లేదు.

ఆమెకు కోపం వెంటనే రాలేదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వేలితో టైపు చేసింది: "ఎర్రటి పొడి పురుల మధ్యలో ఉందా, పైన ఉందా?"

"నా ముందటి మాటల్లో ఎర్రటి రంగు అని మాత్రమే ఉంది. ఎక్కడ ఉందో రాయలేదు. ఇప్పుడు మధ్యలో అన్నా, పైన అన్నా కల్పించి చెప్పినట్టే. పైపై తుప్పు అన్నది కూడా తప్పయి ఉండవచ్చు. మీరు స్వయంగా చూశారు కనుక మీకు గుర్తున్నదాన్నే ఎక్కువగా లెక్కలోకి తీసుకోండి, ఆపైన రోపును పరీక్షించండి."

తన ఫోన్లో మరో కాపీ లేదు. ట్యాబ్‌తోనే తీసింది కదా. అంటే ఆ పొడికి సాక్ష్యంగా మిగిలింది ఇక రెండు కళ్లే, తనవి. ఆ ఫోటో ఉండి ఉంటే కంపెనీలో కాస్త అనుభవమున్న ఎవరు చూసినా పట్టేసేవారు. బాబాయ్ అందరికంటే ముందు పట్టేసి ఉంటాడు. అందుకే తీసేశాడు. ఈ ముక్క మనసుకు ఎక్కినప్పుడు, ఫైలు మూసేసి, ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

మరునాడు కంటి ఆస్పత్రి తెరుస్తున్నారు. గ్రీజక్క ఎవరినీ అడగలేదు. పొద్దున ఏడింటికే వెళ్లి, కింద తలుపు దగ్గర "పని జరుగుతోంది" బోర్డు పెట్టి, మెషిన్ రూములో మెయిన్ స్విచ్ ఆపేసింది. పాత నూలుగుడ్డతో మూడో రోపును చుట్టి జానెడు జానెడు తుడిచింది. ఆపి, లిఫ్టును కాస్త కదిలించి, మళ్లీ మెయిన్ ఆపి, తర్వాతి ముక్క తుడిచింది. నాలుగోసారి గుడ్డ చిక్కుకుంది. విడదీసి చూస్తే తీగ ముక్క పైకి లేచి ఉంది. రోపు ఒక్క మెలిక తిరిగే పొడవులోనే తొమ్మిది తీగలు తెగి ఉన్నాయి, అన్నీ ఫోటోలో పడని వెనక వైపున. కొలిచే కాలిపరు పెట్టి చూస్తే మందం కూడా బాగా తగ్గింది. పక్క రోపు మీద కూడా పొడి మొదలైంది. మిగతావి ఉన్నాయి కాబట్టి లిఫ్టు ఆ క్షణాన తెగి పడేది కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ఎన్నాళ్లు? ఆ లిఫ్టులో ఎక్కబోయేది సరిగా కనపడని ముసలివాళ్లు.

తాళం వేసి, ఫోన్ చేసింది.

"లిఫ్టు ఆపేశాను."

"ఎవరు ఆపమన్నారు నిన్ను?" బాబాయ్ గొంతులో విసుగు. "ఇవాళ ఆపనని బిల్డింగు మేనేజరుకి మాటిచ్చాను."

"తొమ్మిది తీగలు తెగున్నాయి."

"ఆ ట్యాబ్ బాగుందనే చెప్పింది కదమ్మా."

"నేరుగా చూడకుండా నమ్మొద్దని కూడా చెప్పింది. మీరది కోసేశారు. ఫోటో ఎందుకు తీసేశారు?"

"బిల్డింగువాళ్లు లోపలి ఫోటోలు ఉంచొద్దన్నారు."

"అలా అయితే అదే సంభాషణలో ఉన్న మిగతా పన్నెండు ఫోటోలు ఎందుకుంచారు, సార్?"

పన్నెండేళ్లలో ఆయన్ని సార్ అనడం అదే మొదటిసారి. ఆయనకూ అది వినపడినట్టుంది.

"రెండు రోజుల్లో నేనే మార్పించేవాణ్ని," అన్నాడు మెల్లగా. "ఈ ఒక్క ప్రారంభం అయిపోతే చాలనుకున్నాను. నీ పేరు పెడితే ఎవరూ అడగరు. నీ పని మీద అందరికీ నమ్మకం."

ఈ మాట దగ్గరే ఆమెకు ఏడుపొచ్చింది. తనకంటూ ఉన్న ఆ కాస్త మంచిపేరును ఆయన అడ్డం పెట్టుకున్నాడు. ఫోన్ పెట్టేసింది.

రోపులన్నీ మార్చడానికి మూడు రోజులు పట్టింది. ఆస్పత్రివాళ్లు మొదటి అంతస్తులో కుర్చీలు వేసి రోగులను చూశారు. విచారణ పెద్దగా ఏం సాగలేదు. బాబాయ్ మొదట "ఏఐ తప్పు చెప్పింది" అన్నాడు. తప్పు చెప్పిన మాట నిజమే. గ్రీజక్క దాన్ని కాదనలేదు. ట్యాబ్ బల్ల మీద పెట్టి, "తప్పు దానిదీ, నాదీ కూడా. ఒక వైపు ఫోటో చూపించి నేనూ కాసేపు నమ్మాను. కానీ ఫోటో పోయాక తనకు కనపడట్లేదని అది పదేపదే చెప్పింది. చదవండి" అంది. పెద్ద మేనేజరు కళ్లజోడు పెట్టుకుని మొత్తం పైకి చదివాడు. చదువుతున్నంతసేపూ బాబాయ్ కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆయన్ని స్టోర్సుకు మార్చారు. సంతకం చేసే అధికారం తీసేశారు. ఫోటో తీసేసిన సంభాషణలోని మాటలను ఏ రిపోర్టులోనూ వాడకూడదని, రోపుకు ఫోటో తనిఖీ కిందికి రాదని కంపెనీ రాసి అన్ని ట్యాబ్‌లకూ పంపింది. సూపర్‌వైజరు పని గ్రీజక్కకు ఇస్తామన్నారు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మనసు రాక వారం తిప్పి, చివరికి ఒప్పుకుంది. కూతురు చదువుకు జీతం పనికొస్తుంది.

నెల తర్వాత ఒక ఆదివారం పిన్ని ఫోన్ చేసింది.

"ఆయన అన్నం సరిగా తినట్లేదే. నువ్వొకసారి వచ్చి మాట్లాడితే మనిషి తేరుకుంటాడు. మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు చెప్పడు."

గ్రీజక్క చెప్పలేదు. "ఒంట్లో బాగుందా పిన్నీ నీకు?" అని అడిగింది. మోకాళ్ల గురించీ, కొత్తగా వేసుకుంటున్న మందుల గురించీ పిన్ని చాలాసేపు చెప్పింది. ఆమె అన్నీ విన్నది, ఊఁ కొట్టింది. "వస్తావా మరి?" అని పిన్ని మళ్లీ అడిగినప్పుడు, "నీ కోసం వస్తాను పిన్నీ, ఆయన స్టోర్సుకి వెళ్లిన టైములో" అంది.

ఫోన్ పెట్టేశాక గ్రీజక్క చాలాసేపు మంచం అంచున అలాగే కూర్చుంది. పక్క గదిలో కూతురు పాఠం పైకి చదువుకుంటోంది.