చేతికి రాని పద్దెనిమిది వందలు

సూరత్‌లో పరుశురాంకు ఒక మంచం ఉంది, అదీ సగం రోజుకే. అతను పగటి షిఫ్టుకు బయలుదేరగానే రాత్రి షిఫ్టు మనిషి వచ్చి దాని మీదే పడుకుంటాడు. ఆ ఊరి గోడాదరా బస్తీలో ఒకే గదికి కిరాయి కట్టే ఆ ఇద్దరూ తలుపు దగ్గర తప్ప ఎదురుపడరు.

ఇన్నేళ్లూ చిన్న మగ్గాల కార్ఖానాల్లో నగదు జీతానికి పనిచేసి, ఈమధ్యే అదే ఊళ్లో ఉధ్నా వైపున్న పెద్ద మిల్లుకు మారాడు. జీతం పాతదే, పదిహేను వేలు. కానీ మొదటి నెల చేతికొచ్చింది పదమూడు వేల రెండు వందలు. ఇంటికి పంపేది తగ్గేసరికి సిరిసిల్లలో భార్య భూదేవి ఫోన్ ఎత్తడం మానేసింది. పరాయి ఊళ్లో మొగుడి డబ్బు తగ్గిందంటే ఏ భార్యకైనా ముందు గుర్తొచ్చేది తాగుడే.

ఈ పొద్దున ఎత్తింది.

"తాగుడు గాదే, పీఎఫ్. నా జీతంల నూటికి పన్నెండు కోస్తరు. మిల్లోళ్లు గూడ అంతే ఏస్తరు. అది నా జీతంలకెళ్లి గాదు, ఆళ్లదే."

"ఆళ్లేసేదన్నా చేతికియ్యమనరాదు?"

"ఇయ్యరు. అండ్ల ఎక్కువ పాలు పింఛనుకు పోతది. గిట్ల పదేండ్లు కడితే, యాభై ఎనిమిది నిండినంక నెలనెలా పింఛనొస్తది." మిల్లు క్లర్కు చెప్పిన మాటే, క్లర్కు కంటే గర్వంగా చెప్పాడు.



"అంటే, ఇంక పదేండ్లు ఆడనే ఉంటవా?"

తలుపు చప్పుడైంది, రాత్రి షిఫ్టు మనిషి వచ్చాడు. పరుశురాం ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, మంచం మీద నుంచి లేచాడు.